14,100 రూపాయలు ఎక్కడివి: 143(1) నోటీసును చదివిన నా అనుభవం

2024 నవంబరు 14న ఆదాయపు పన్ను శాఖ నుంచి నాకు ఒక మెయిల్ వచ్చింది. పంపింది బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం. అందరూ దాన్ని సీపీసీ అంటారు. మెయిల్‌కు జతగా ఉన్న పీడీఎఫ్ తెరవాలంటే పాన్‌ను చిన్న అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదలకుండా పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో కొట్టాలి. తెరిచాను. కొన్ని పేజీల పట్టికలు, వాటి చివర నేను చెల్లించాల్సిన మొత్తం 14,100 రూపాయలని ఉంది. ఏ అధికారి సంతకమూ లేదు, ఎందుకు కట్టాలో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

నా ఆదాయంలో చిక్కుముడులేమీ లేవు. ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం, జీతం, బ్యాంకు పొదుపు ఖాతాలో కొంచెం వడ్డీ. ఆ వడ్డీ సంగతి కూడా సంస్థకు ముందే తెలియజేశాను కాబట్టి దాని మీది పన్నును సైతం వాళ్లు నెలనెలా జీతంలోంచే కోశారు. రిటర్ను గడువులోగా వేశాను. అందులో నేను కట్టాల్సిందీ, నాకు తిరిగి రావాల్సిందీ రెండూ సున్నాయే. అలాంటప్పుడు 14,100 ఎలా వచ్చింది?

మా పెదనాన్నగారి అబ్బాయి చాలా ఏళ్లుగా పన్ను రిటర్నులు చూసే వృత్తిలో ఉన్నాడు. ఫోను చేసి, "అన్నయ్యా, పద్నాలుగు వేలు కట్టమంటున్నారు, కట్టేయనా?" అని అడిగాను. "మొత్తం ఎంతో తర్వాత చూద్దువుగానీ, ముందు అది ఏ సెక్షన్ కింద వచ్చిందో చదివి చెప్పమ్మా" అన్నాడు. ఆ తర్వాత నేను చదివిన వరుస కూడా అదే: సెక్షన్, గడువు, ఆపైన లెక్క. కొత్తగా నోటీసు అందుకున్నవాళ్లు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అంకె చూసి కంగారుపడి కట్టేస్తారు, లేదా మోసపు మెయిల్ అనుకుని తుడిచేస్తారు. ఆ రెండు దారులకూ నష్టం ఉంది.

మోసమేమో అన్న అనుమానం తీరడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. 2019 అక్టోబరు 1 తర్వాత శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా పత్రపు గుర్తింపు సంఖ్య, అంటే డిన్, ఉండాలి. incometax.gov.in మొదటి పేజీలోనే Authenticate Notice/Order Issued by ITD అనే లింకు కనిపిస్తుంది. లాగిన్ కాకుండానే ఆ సంఖ్య కొడితే పత్రం అసలుదో కాదో తెలుస్తుంది. నాది అసలుదే. సంతకం లేకపోవడం అనుమానించాల్సిన విషయం కాదు. యంత్రం తయారుచేసే ఈ పత్రాల మీద చేతి సంతకం ఉండి తీరాలని లేదు.

ఇక సెక్షన్. నా పత్రం మీద రాసి ఉన్నది ఆదాయపు పన్ను చట్టం, 1961లోని సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ అని. ఇది ఎవరో అధికారి నా రిటర్నును అనుమానించి తీసుకున్న చర్య కాదు. వేసిన ప్రతి రిటర్నునూ సీపీసీ కంప్యూటర్లు ఒకసారి లెక్క సరిచూస్తాయి. ఆ సరిచూడటం ముగిశాక వచ్చే ఫలితమే ఈ పత్రం. నా లెక్కా వాళ్ల లెక్కా కలిస్తే మొత్తం సున్నా ఉంటుంది, తేడా వస్తే రిఫండో డిమాండో ఉంటుంది. లోతుగా విచారించే నోటీసు సెక్షన్ 143(2) కింద వస్తుంది, దాని సంగతి పూర్తిగా వేరు. బ్రాకెట్లోని ఒక్క అంకె మారితే పత్రం స్వభావమే మారిపోతుంది కాబట్టి సెక్షన్‌ను బ్రాకెట్లతో సహా చదవాలి.

అన్నయ్య ఇంకో ప్రశ్న వేశాడు. "143(1) అని ఉందా, 143(1)(a) కింద ప్రతిపాదిత సవరణ అని ఉందా?" ఈ రెంటికీ తేడా ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. మనం చూపిన ఆదాయాన్ని పెంచాలనో, అడిగిన మినహాయింపును తగ్గించాలనో సీపీసీ అనుకుంటే, ముందుగా ఆ సంగతి చెప్పి మన జవాబు అడగాలి. దానికి 30 రోజులు ఇస్తారు. ఆ గడువులో జవాబు రాకపోతే వాళ్లు అనుకున్న సవరణ చేసేసి, ఆ తర్వాత 143(1) ఇంటిమేషన్ పంపుతారు. అంటే మొదటిది ప్రశ్న, రెండోది తీర్పు. నాకు ఏ ప్రశ్నా రాలేదు, ఏకంగా తీర్పే వచ్చింది.

ఇది అన్యాయం కాదా అని అడిగాను. కాదన్నాడు, దానికి కారణమూ చెప్పాడు. ముందుగా చెప్పాలన్న నియమం ఆదాయాన్ని సవరించే భాగానికి, అంటే సెక్షన్ 143(1)లోని మొదటి ఖండానికి వర్తిస్తుంది. మనం కట్టామని చెప్పిన పన్నులో ఎంత లెక్కకు తీసుకోవాలన్నది అదే సెక్షన్‌లో మరో ఖండం కిందికి వస్తుంది. అక్కడ ముందస్తు ప్రశ్న ఉండదు. కాబట్టి ఏ ప్రశ్నా రాకుండా నేరుగా డిమాండు వచ్చిందంటే, తేడా ఆదాయంలో కాక కట్టిన పన్ను దగ్గరో వడ్డీ దగ్గరో ఉండే అవకాశం ఎక్కువ. పట్టికలు విప్పకముందే, కేవలం సెక్షన్‌ను బట్టి, ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోయింది.

వేరే సెక్షన్లు కనిపించినా ఇదే పద్ధతి. 139(9) అని ఉంటే రిటర్నులో లోపం ఉందని అర్థం. దాన్ని 15 రోజుల్లో సరిదిద్దాలి, లేకపోతే రిటర్ను చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. 245 అని ఉంటే ఈ ఏడు రావాల్సిన రిఫండును పాత బాకీకి జమ చేసుకుంటామని చెబుతున్నారన్నమాట. దానికి జవాబు ఇవ్వడానికి 21 రోజులు ఉంటుంది. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల సంఖ్యలు వేరు. అంతకు ముందరి సంవత్సరాల ఆదాయం మీద వచ్చే పత్రాల్లో మాత్రం నేను చెబుతున్న ఈ పాత సంఖ్యలే ఉంటాయి.

సెక్షన్ తెలిశాక గడువు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఒకే పత్రానికి ఒకటి కంటే ఎక్కువ గడువులు ఉంటాయి. పైగా అన్నీ పత్రం మీద స్పష్టంగా తేదీల రూపంలో ఉండవు.

మొదటిది చెల్లింపు గడువు. డిమాండు ఉన్న 143(1) ఇంటిమేషన్‌ను చట్టం సెక్షన్ 156 కింద ఇచ్చిన డిమాండు నోటీసుగానే పరిగణిస్తుంది. వేరే నోటీసు ఏదో వస్తుందని ఎదురుచూడక్కర్లేదు, రాదు కూడా. సెక్షన్ 220(1) ప్రకారం అది మనకు అందిన 30 రోజుల్లో కట్టాలి. నాకు మెయిల్ నవంబరు 14న అందింది. ఆ రోజును వదిలేసి లెక్కిస్తే నవంబరులో 16 రోజులు, డిసెంబరులో 14. అంటే డిసెంబరు 14. ఈ లెక్క మెయిల్ అందిన రోజు నుంచి నడుస్తుంది, మనం తెరిచి చదివిన రోజు నుంచి కాదు. పది రోజుల తర్వాత తెరిచినవాళ్లకు మిగిలేది 20 రోజులే. పత్రం తేదీ, మెయిల్ తేదీ వేర్వేరుగా ఉంటే ముందున్న తేదీ నుంచి లెక్కించుకుంటే గొడవ ఉండదు.

ఆ 30 రోజులు దాటితే సెక్షన్ 220(2) వడ్డీ మొదలవుతుంది. నెలకు ఒక శాతం, నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెలగానే లెక్క. నా మొత్తానికి అది నెలకు 141 రూపాయలు. ఈ వడ్డీ నోటీసులో ముద్రించి ఉండదు, ఎందుకంటే నోటీసు తయారైన రోజుకు అది ఇంకా పుట్టలేదు. తర్వాత ఎప్పుడో పోర్టల్‌లో చూసినప్పుడు నోటీసులో లేని మొత్తం కనిపించి జనం ఆశ్చర్యపోయేది దీనివల్లే.

రెండోది సవరణ గడువు. పత్రంలో కళ్లకు కనిపించే పొరపాటు ఉంటే సెక్షన్ 154 కింద సరిచేయమని అడగవచ్చు. దానికి గడువు ఆ పత్రం వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్లు. నాది 2024-25లో వచ్చింది కాబట్టి 2029 మార్చి 31 వరకు ఉంది. ఇది విని నేను స్థిమితపడబోతుంటే అన్నయ్య వెంటనే అడ్డుకున్నాడు. "నాలుగేళ్లు ఉన్నది సరిచేయమని అడగడానికి. ముప్పై రోజుల గడియారం దానికోసం ఆగదు." సవరణ అర్జీ పెట్టినంత మాత్రాన డిమాండు నిలిచిపోదు. అప్పీలుకు వెళ్లదలిస్తే దానికీ 30 రోజులే గడువు. పెద్ద గడువును చూసుకుని చిన్న గడువును వదిలేయడం చాలా ఖరీదైన పని.

ఇక అసలు లెక్క. పట్టికలో ముఖ్యంగా రెండు నిలువు వరుసలు ఉంటాయి. ఒకదాని మీద As provided by Taxpayer అని, రెండోదాని మీద As computed అని కనిపిస్తుంది. మొదటిది మనం రిటర్నులో చెప్పింది, రెండోది సీపీసీ లెక్కకట్టింది. చదవాల్సిన తీరు ఏమిటంటే, కింది మొత్తాన్ని చూడకుండా, పై నుంచి ఒక్కో అడ్డు వరుసలో ఈ రెండు అంకెలూ సమానమేనా అని మాత్రం చూసుకుంటూ దిగడం. సమానం కాని మొదటి వరుస దగ్గర ఆగాలి. కీలకమంతా అక్కడే ఉంటుంది. దాని కింద కనిపించే తేడాలు చాలావరకు దాని పిల్లలే.

పెన్సిలు పట్టుకుని దిగాను. జీతం 9,50,000లోంచి ప్రామాణిక తగ్గింపు 50,000 పోగా 9,00,000. రెండు వరుసల్లోనూ అదే. వడ్డీ 20,000, అదీ అంతే. మొత్తం ఆదాయం 9,20,000. ఇప్పటిదాకా తేడా లేదు. అంటే నా ఆదాయం గురించి వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదు. తర్వాత పన్ను. కొత్త విధానంలో 2024-25 మదింపు సంవత్సరానికి, అంటే 2023-24లో వచ్చిన ఆదాయానికి, తొలి మూడు లక్షలకు పన్ను లేదు, తర్వాతి మూడు లక్షలకు 5 శాతం చొప్పున 15,000, ఆపై మూడు లక్షలకు 10 శాతం చొప్పున 30,000, మిగిలిన 20,000కు 15 శాతం చొప్పున 3,000. మొత్తం 48,000. దాని మీద 4 శాతం సెస్సు 1,920 కలిపితే 49,920. రెండు వరుసల్లోనూ సరిగ్గా అదే అంకె.

ఆ కింద వడ్డీల వరుసలు వచ్చాయి. 234ఏ రెండు వైపులా సున్నా. అది రిటర్ను ఆలస్యంగా వేసినవాళ్లకు పడే వడ్డీ, నాకు వర్తించదు. 234ఎఫ్ ఆలస్య రుసుము, అదీ సున్నా. కానీ 234బి దగ్గర నా వైపు సున్నా ఉంటే వాళ్ల వైపు 992 ఉంది. 234సి దగ్గర నా వైపు సున్నా, వాళ్ల వైపు 625.

నేను చెప్పిన నియమం ప్రకారం ఇక్కడ ఆగాలి. ఆగాను కూడా. కానీ ఈ పత్రంలో ఒక మెలిక ఉంది, అది తెలియకపోతే తప్పు చోట వెతుకుతూ కూర్చుంటాం. వడ్డీ వరుసలు పట్టికలో పైన ఉంటాయి, మనం కట్టిన పన్నుల వరుసలు వాటి కింద ఉంటాయి. లెక్క మాత్రం అందుకు ఎదురుదిశలో నడుస్తుంది. కట్టిన పన్ను తక్కువైందని తేలితేనే వడ్డీ పుడుతుంది. కాబట్టి 234బి, 234సి వరుసల్లో తేడా కనిపిస్తే వాటిని పక్కనబెట్టి, కిందనున్న కట్టిన పన్నుల భాగానికి వెళ్లి చూసి రావాలి.

వెళ్లి చూస్తే అసలు విషయం బయటపడింది. టీడీఎస్ వరుసలో, అంటే జీతంలోంచి ముందే కోసిన పన్ను దగ్గర, నా వైపు 49,920 ఉంది. వాళ్ల వైపు 37,440 మాత్రమే ఉంది. తేడా 12,480. ఆ అంకె చూడగానే నాకు తట్టింది. నా జీతంలో నెలకు కోసింది 4,160, మూడు నెలలకు 12,480. అంటే సరిగ్గా ఒక త్రైమాసికం మాయమైంది.

ఏ త్రైమాసికమో తెలుసుకోవడానికి పోర్టల్లోంచి ఫారం 26ఏఎస్ తీశాను. అది మన పాన్ మీద ఎవరెవరు ఎంత పన్ను జమచేశారో చూపే పట్టిక. అందులో మా సంస్థ టాన్, అంటే పన్ను కోసేవారికి శాఖ ఇచ్చే సంఖ్య, ఎదుట ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలనెలా 4,160 కనిపించింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి లేవు. జూలైలో రిటర్ను వేసేటప్పుడు సంస్థ నాకు జీతపు వివరాల భాగమే ఇచ్చింది. కోసిన పన్ను గురించి శాఖకు ఇచ్చే చివరి త్రైమాసికపు స్టేట్‌మెంటులో కొన్ని దిద్దుబాట్లు ఉన్నాయనీ, అవి త్వరలో పూర్తవుతాయనీ చెప్పింది. నా జీతంలోంచి నిజంగా కోసిన మొత్తాన్నే నేను రిటర్నులో చూపాను. అది నాకు న్యాయంగా రావాల్సిన జమ. అయితే సీపీసీ కంప్యూటరుకు నా జీతపు స్లిప్పులు కనిపించవు. ఆదాయపు పన్ను నియమాల్లోని 37బిఏ ప్రకారం టీడీఎస్ జమ ఇచ్చేది పన్ను కోసినవారు సమర్పించిన సమాచారాన్ని బట్టి. వాళ్లు చెప్పనిది దాని దృష్టిలో జరగనట్టే.

ఇప్పుడు ఆ రెండు వడ్డీలు ఎలా పుట్టాయో చెబుతాను. డిమాండు మొత్తాన్ని ముక్కలుగా విప్పి చూడటంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ భాగమే. మొత్తం పన్ను 49,920లోంచి వాళ్లు ఒప్పుకున్న టీడీఎస్ 37,440 తీసేస్తే 12,480 మిగులుతుంది. టీడీఎస్ పోను మిగిలే పన్ను 10,000 లేదా అంతకు మించితే దాన్ని ఏడాదిలోనే ముందస్తు పన్నుగా కట్టి ఉండాలని చట్టం అంటుంది. కనీసం అందులో 90 శాతమైనా కట్టకపోతే 234బి వడ్డీ పడుతుంది. నా బాకీ నిజానికి సున్నా అయినా, టీడీఎస్ ముక్క తప్పిపోవడంతో యంత్రం కంటికి నేను ముందస్తు పన్ను ఎగ్గొట్టిన మనిషినయ్యాను.

234బి వడ్డీ మదింపు సంవత్సరం మొదలైన ఏప్రిల్ 1 నుంచి ఇంటిమేషన్ వచ్చిన నెల దాకా నెలకు ఒక శాతం. ఏప్రిల్ నుంచి నవంబరు వరకు 8 నెలలు. వడ్డీ లెక్కించేటప్పుడు వందలోపు చిల్లరను వదిలేస్తారు కాబట్టి 12,480 కాస్తా 12,400 అవుతుంది.

```
12,400 × 1% × 8 = 992
```

234సి వడ్డీ వాయిదాలకు సంబంధించింది. ముందస్తు పన్నులో జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45 శాతం, డిసెంబరు 15కు 75 శాతం, మార్చి 15కు మొత్తం కట్టి ఉండాలి. మొదటి మూడు వాయిదాలు తప్పితే ఒక్కోదానికి మూడు నెలల వడ్డీ, చివరిది తప్పితే ఒక నెల వడ్డీ. 12,480లో 15 శాతం 1,872, చిల్లర వదిలితే 1,800. మిగతావీ అంతే.

```
 1,800 × 1% × 3 =  54
 5,600 × 1% × 3 = 168
 9,300 × 1% × 3 = 279
12,400 × 1% × 1 = 124
                  625
```

తప్పిపోయిన టీడీఎస్ 12,480, 234బి 992, 234సి 625 కలిపితే 14,097. చెల్లించాల్సిన మొత్తాన్ని దగ్గరి పదికి సర్దాలన్న నియమం ఉంది కాబట్టి 14,100. నోటీసులోని అంకె రూపాయి తేడా లేకుండా నా కాగితం మీదకు వచ్చింది. అలా కలిసేవరకు లెక్క ఆపవద్దని ఎవరికైనా చెబుతాను. వేసిన మొత్తానికీ నోటీసుకూ యాభై రూపాయలు తేడా ఉన్నా, మనకు కనబడని రెండో కారణం ఏదో ఇంకా లోపల ఉందని అర్థం. కలిసిందంటే కారణం ఇదొక్కటేనని నిర్ధారణ అయినట్టు. నా నోటీసులో మూడు వరుసలు తేడాగా ఉన్నా సరిచేయాల్సింది ఒక్కటే. టీడీఎస్ జమ వస్తే ముందస్తు పన్ను బాధ్యతే ఉండదు, అప్పుడు రెండు వడ్డీలూ వాటంతటవే పోతాయి.

అన్నయ్యకు కాగితం ఫొటో తీసి పంపాను. అతను ఒక్కటే అన్నాడు: "పోర్టల్లో Demand is correct మాత్రం నొక్కకమ్మా. అది ఒకసారి ఒప్పుకున్నావంటే తర్వాత కాదనడానికి ఉండదు." పోర్టల్లో లాగిన్ అయ్యాక Pending Actions కింద Response to Outstanding Demand ఉంటుంది. అక్కడ ఒప్పుకుంటున్నామో, పూర్తిగానో కొంతమేరకో విభేదిస్తున్నామో చెప్పాలి. నేను Disagree with Demand ఎంచుకుని, జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ 12,480 సంస్థ స్టేట్‌మెంటులో నా పాన్ మీద చేరలేదనీ, దిద్దుబాటు కోరాననీ కారణం రాసే చోట క్లుప్తంగా రాశాను. ఇది డిసెంబరు 14కు ముందే చేశాను. జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే, తర్వాతి సంవత్సరాల్లో రిఫండు వచ్చినప్పుడు దాన్ని ఈ డిమాండుకు జమ చేసుకునే వీలుంది.

కట్టాల్సిన బాకీ నిజమే అయిన వాళ్లకు దారి వేరు. అదే పోర్టల్లో e-Pay Tax ద్వారా కట్టాలి. అప్పుడు ఎంచుకోవాల్సింది రిటర్ను వేసేటప్పటి స్వీయ మదింపు పన్ను కోడ్ 300 కాదు, డిమాండు చెల్లింపు కోడ్ 400. కోడ్ తప్పితే డబ్బు ప్రభుత్వానికి చేరినా డిమాండు అలాగే కూర్చుంటుంది.

మా సంస్థ అకౌంట్స్ విభాగానికి నోటీసు, 26ఏఎస్, ఆ మూడు నెలల జీతపు స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు కలిపి రాతపూర్వకంగా ఇచ్చాను. నోటిమాటగా అడిగితే "చూస్తాం మేడమ్" అనేవాళ్లే, కాగితం చేతిలో పెట్టాక ఫైలు తీశారు. పన్ను బ్యాంకులో జమ అయింది, కానీ చివరి త్రైమాసికపు స్టేట్‌మెంటులో నా పాన్‌లో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దుబాటు స్టేట్‌మెంటు వేయాల్సింది వాళ్లే, ఆ పని నేను చేయలేను. చట్టంలో సెక్షన్ 205 అనేది ఒకటుంది. జీతంలోంచి పన్ను ఒకసారి కోశాక, అంతమేరకు అదే పన్నును నేరుగా ఉద్యోగి నుంచి రాబట్టకూడదని అది చెబుతుంది. సంస్థ అసలు దిద్దకుండా మొండికేస్తే జీతపు స్లిప్పులతో పట్టుకోగలిగే ఆధారం అదే. అయితే ఆ సెక్షన్ యంత్రం లెక్కను దానంతటది మార్చదు. 26ఏఎస్‌లో జమ కనిపించేలా చేయడమే దగ్గరి దారి.

ఇక్కడ తొందరపడితే పని పాడవుతుంది. దిద్దుబాటు వేశామని సంస్థ చెప్పగానే నేను సవరణ అర్జీ పెట్టలేదు. 26ఏఎస్‌ను మళ్లీ మళ్లీ తీసి, మూడు నెలల జమ నా పాన్ మీద కనిపించి, దాని ఎదుట స్థితి F అని వచ్చాక, అంటే ఖరారయ్యాక, అప్పుడు పెట్టాను. అంతకుముందే పెడితే కంప్యూటరు అదే పాత సమాచారంతో అదే లెక్క వేసి, అదే డిమాండును మళ్లీ ఇచ్చేది. అర్జీ Services కింద Rectification లో ఉంటుంది. రిటర్నులో నేను రాసిన అంకెలు అన్నీ సరైనవే కాబట్టి ఏదీ మార్చక్కర్లేదు. అందుకని Reprocess the return ఎంచుకున్నాను. రిటర్నులో టీడీఎస్ వివరాలే తప్పుగా నింపినవాళ్లయితే Tax credit mismatch correction ఎంచుకోవాలి.

ఆ తర్వాత సెక్షన్ 154 కింద ఒక ఉత్తర్వు వచ్చింది. పాస్‌వర్డు అదే, పట్టిక ఆకృతీ దాదాపు అదే. ఈసారి నేరుగా టీడీఎస్ వరుసకు వెళ్లాను. 49,920 ఉంది. 234బి సున్నా, 234సి సున్నా, చెల్లించాల్సింది సున్నా. వడ్డీల గురించి నేను అర్జీలో ఒక్క మాటా అడగలేదు. డిసెంబరు 14 తర్వాత పోర్టల్లో కూడుతూ వచ్చిన 220(2) వడ్డీ కూడా డిమాండుతో పాటే పోయింది. మూల మొత్తం సవరణలో తగ్గితే ఆ వడ్డీ కూడా ఆ మేరకు తగ్గాలన్నది అదే సెక్షన్‌లో ఉంది. పోర్టల్లో Response to Outstanding Demand తెరిచి, ఆ సంవత్సరం పేరు మీద ఇక ఏ బాకీ లేదని చూసుకుని, పాత ఇంటిమేషన్‌నూ 154 ఉత్తర్వునూ పక్కపక్కనే ఒకే ఫైల్లో పెట్టాను.